బొమ్మ గీస్తే టైం వేస్టా?

భ్రమణ ఘనాల లెక్కలో బొమ్మ గీయడం దండగ అనే మాట ఒకప్పుడు బద్ధకస్తుల సాకు. ఇప్పుడది బోధనా సూత్రమైపోయింది. షేక్‌పేట నుంచి ఫిల్మ్‌నగర్ వరకు ఏ సందులో ట్యూషన్ చెప్పేవాళ్లను అడిగినా దాదాపు ఇదే వినిపిస్తుంది: ‘‘ఫార్ములా బట్టీపట్టు, ఇచ్చిన విలువలు అందులో వెయ్యి, సమాకలనం చెయ్యి. బొమ్మ వేస్తే ఎవడూ ఎక్స్‌ట్రా మార్కు ఇవ్వడు.’’ నేను ఇదే షేక్‌పేటలో ఇంజినీరింగ్ మొదటి ఏడాది పిల్లలకు లెక్కలు చెబుతాను. ఈ సూత్రం తప్పు. అది కూడా చిన్న తప్పు కాదు. ఈ పాఠంలో పిల్లలు చేసే పొరపాట్లలో చాలావాటికి పుట్టినిల్లు ఇదే.

ఈ అలవాటు ఎక్కడ మొదలైందో చెప్పుకుంటే గాని దాన్ని ఖండించడం న్యాయం కాదు. ఒకప్పటి ఎంసెట్, ఇప్పటి ఈఏపీసెట్. 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు. ఒక్కో ప్రశ్నకు సగటున 67 సెకన్లు. ఆ ఒత్తిడిలో పెన్ను కాగితం మీద పెట్టి గ్రాఫ్ గీసేవాడు వెనకబడతాడన్న భయం అర్థం లేనిది కాదు. పైగా ఇంటర్‌లో మనం వైశాల్యాల దగ్గర ఆగిపోతాం. రెండు వక్రాల మధ్య వైశాల్యం కావాలంటే పైదాంట్లోంచి కిందది తీసేసి సమాకలనం చేస్తే చాలు. ఏది పైదో తెలియకపోయినా, జవాబు మైనస్‌లో వస్తే గుర్తు తీసేస్తే పని జరిగిపోతుంది. బొమ్మ లేకుండానే బండి నడుస్తుంది. ఆ బండినే తోలుకుంటూ పిల్లలు బీటెక్‌కు వస్తారు. అక్కడ జేఎన్‌టీయూ హైదరాబాద్ వాళ్ల మొదటి ఏడాది ‘మేట్రిసెస్ అండ్ కాల్‌క్యులస్’ పేపర్లో ఘనపరిమాణాలు ఎదురవుతాయి. వైశాల్యానికి పనిచేసిన అలవాటు ఇక్కడ పనిచేయదు. ఎందుకు పనిచేయదో చూడాలంటే ఒకే ఒక్క ప్రాంతాన్ని తీసుకుని, అక్షం మారుస్తూ దాన్ని నాలుగు రకాలుగా తిప్పి చూడటం మేలు.

y = x అనే గీత, y = x² అనే పరావలయం. రెండూ (0,0) దగ్గర, (1,1) దగ్గర కలుస్తాయి. వాటి మధ్య ఓ సన్నటి ఆకులాంటి ప్రాంతం ఉంటుంది. దాని వైశాల్యం 1/6. దాన్ని x-అక్షం చుట్టూ తిప్పితే వచ్చే ఘనపరిమాణం ఎంత?

బొమ్మ గీయని పిల్లవాడు ఏం చేస్తాడో నాకు కంఠతా వచ్చు. పైది x, కిందది x². తేడా x − x². డిస్క్ ఫార్ములాలో వ్యాసార్ధాన్ని వర్గం చేయమన్నారు కాబట్టి ఈ తేడాను వర్గం చేసి, π పెట్టి, 0 నుంచి 1 వరకు సమాకలనం చేస్తాడు. π/30 వస్తుంది. సరైన జవాబు 2π/15. అంటే నాలుగో వంతే పట్టుకున్నాడు. ఇది నిర్లక్ష్యం వల్ల జరిగిన తప్పు కాదు. వైశాల్యాల పాఠంలో అతనికి ‘పైది మైనస్ కిందది’ ఒక్కటే అబ్బింది. ఆ తేడా ఆకులో నిలువుగా కోసిన పట్టీ పొడవు. పట్టీ పొడవు వ్యాసార్ధం కాదు. వ్యాసార్ధం అంటే అక్షం దగ్గర్నుంచి కొలవాలి. ఈ పట్టీ అక్షాన్ని తాకనే తాకదు, పైన గాలిలో ఉంది. తిప్పితే మధ్యలో చిల్లు ఉన్న వాషర్ వస్తుంది. నట్టు కింద వేసే వాషరే. దాని వైశాల్యం కావాలంటే పెద్ద వృత్తంలోంచి చిన్న వృత్తాన్ని తీసేయాలి: πR² − πr². ఇక్కడ R = x, r = x². కాబట్టి π∫(x² − x⁴)dx, అంటే π(1/3 − 1/5), అంటే 2π/15.

‘‘అదే కదా ఫార్ములా! R² − r² అని సరిగ్గా బట్టీపడితే సరిపోయేది’’ అంటారు అవతలి పక్షం వాళ్లు. సరే, బట్టీపట్టాడనుకుందాం. ఇప్పుడు అదే ఆకును y = 2 అనే గీత చుట్టూ తిప్పమందాం.

ఇక్కడ ఫార్ములాలో R అంటే ఏమిటో ఫార్ములా చెప్పదు. బొమ్మ చెబుతుంది. నేను పిల్లల చేత గీయించే వరుస ఇది. ముందు వక్రాలు కాదు, అక్షం గీయాలి. ఇంజినీరింగ్ డ్రాయింగ్‌లో సెంటర్ లైన్‌కు వేసినట్టు గీత-చుక్క-గీతగా వేసి, పక్కన y = 2 అని రాయాలి. ఎక్కువమంది x, y అక్షాలు గీసి, వక్రాలు వేసి, చివర్లో తిరిగే అక్షాన్ని గుర్తు తెచ్చుకుంటారు. కొందరికి ఆ చివరిది కూడా గుర్తురాదు. ముందే గీస్తే మరిచిపోయే వీలు ఉండదు. ఆ తర్వాత రెండు వక్రాలను కలిసే బిందువుల మధ్య మాత్రమే గీసి, ఆ బిందువుల దగ్గర (0,0), (1,1) అని రాయాలి. ఏది పైనుందో కంటితో నమ్మకూడదు. చేత్తో గీసిన గీతలు అబద్ధం ఆడతాయి. x = 1/2 వేసి చూడాలి. గీత మీద 1/2, పరావలయం మీద 1/4. గీతే పైన. ఇక ఆకు మధ్యలో ఒకే ఒక్క పట్టీని అక్షానికి లంబంగా గీసి, దాని మందం దగ్గర dx అని రాయాలి. ఇక్కడ అక్షం అడ్డంగా ఉంది కాబట్టి పట్టీ నిలువు, మందం x దిశలో. dx రాశాక ఆ లెక్కలో y మిగలకూడదు, హద్దులు కూడా x విలువలే కావాలి. ఏ చలరాశిలో సమాకలనం చేయాలనే సందేహం ఆ రెండక్షరాలతో తీరిపోతుంది.

అసలు కథ దీని తర్వాత ఉంది. అక్షం మీద పెన్ను పెట్టి, అక్కణ్నుంచి పట్టీ దూరపు కొసకు ఒక బాణం, దగ్గరి కొసకు ఒక బాణం గీయాలి. దూరపు బాణం R, దగ్గరి బాణం r. అక్షం పైనుంది కాబట్టి ఇప్పుడు దూరంగా ఉన్నది పరావలయం! x-అక్షం చుట్టూ తిప్పినప్పుడు లోపలిదైన x² ఇప్పుడు బయటిదైంది. బాణం పొడవు ఎప్పుడూ పై కొస మైనస్ కింది కొస. R = 2 − x², r = 2 − x. వర్గాలు చేసి తీసేస్తే 4x − 5x² + x⁴. 0 నుంచి 1 వరకు సమాకలనం చేస్తే 2 − 5/3 + 1/5, అంటే 8/15. ఘనపరిమాణం 8π/15.

బొమ్మ లేనివాడి కాగితం మీద ఇదే లెక్కకు రకరకాల జవాబులు దొరుకుతాయి. అక్షం మారిందని గమనించనివాడికి మళ్లీ 2π/15 వస్తుంది. అక్షంలో 2 ఉంది కదా అని రెండు వక్రాలకూ 2 కలిపేసినవాడు నిజానికి y = −2 చుట్టూ తిప్పాడు, వాడికి 12π/15 వస్తుంది. వీళ్లిద్దరూ సమాకలనంలో ఒక్క అడుగు కూడా తప్పు వేయలేదు. తమ జవాబు తప్పని తెలుసుకునే దారి వాళ్ల దగ్గర లేదు, అంతే.

బొమ్మ గీసినవాడి దగ్గర ఆ దారి ఉంది. ఆకులోని ప్రతి బిందువూ y = 2 నుంచి కనీసం 1, గరిష్ఠం 2 దూరంలో ఉంది. బొమ్మ మీద అది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఒక చిన్న ముక్క అక్షం చుట్టూ ఒక చుట్టు తిరిగితే, అక్షం నుంచి తనకున్న దూరానికి 2π రెట్లు నడుస్తుంది. కాబట్టి మొత్తం ఘనపరిమాణం, వైశాల్యం 1/6 ని 2π × 1 తో గుణిస్తే వచ్చే π/3 కన్నా ఎక్కువ, 2π × 2 తో గుణిస్తే వచ్చే 2π/3 కన్నా తక్కువ ఉండి తీరాలి. పదిహేనులో చెప్పుకుంటే 5π/15 కీ 10π/15 కీ మధ్య. 2π/15 బయటపడిపోయింది. 12π/15 కూడా బయటపడిపోయింది. 8π/15 లోపలుంది. సమాకలనం మొదలుపెట్టకముందే రెండు తప్పుడు జవాబులకూ తలుపు మూసేయొచ్చు. టైం వేస్ట్ అన్నది దీన్నేనా?

ఇక్కడ ఓ గడుసు వాదన వస్తుంది. అదీ వినదగ్గదే. ‘‘y = 2 లెక్కలో R, r తారుమారు చేసినా కొంప మునగదు. −8π/15 వస్తుంది. ఘనపరిమాణం మైనస్ కాదు కాబట్టి గుర్తు తీసేస్తాం. జవాబు సరిపోయింది కదా!’’ ఆ లెక్కలో సరిపోయిన మాట నిజమే. ఆ అదృష్టమే ఈ అలవాటును బతికిస్తోంది. ఇదే వక్రాలను 0 నుంచి 1 వరకు కాకుండా 0 నుంచి 2 వరకు తీసుకుని x-అక్షం చుట్టూ తిప్పండి. బొమ్మ లేనివాడు π∫(x² − x⁴)dx ని 0 నుంచి 2 వరకు లాగేస్తాడు. −56π/15 వస్తుంది. అలవాటు ప్రకారం మైనస్ తీసేసి 56π/15 అని గడి కట్టేస్తాడు. సరైన జవాబు 4π, అంటే 60π/15.

ఎక్కడ పోయింది ఆ నాలుగు? బొమ్మ వేస్తే x = 1 దగ్గర వక్రాలు ఒకదాన్నొకటి దాటడం కనిపిస్తుంది. అంతవరకు గీత పైన, ఆ తర్వాత పరావలయం పైన. రెండు వేర్వేరు పట్టీలు గీయాల్సిందే. మొదటి భాగం 2π/15, రెండో భాగం 58π/15, కలిపితే 60π/15. బొమ్మ లేనివాడి లెక్కలో మొదటి భాగం ప్లస్‌గా, రెండోది మైనస్‌గా వచ్చి ఒకదాన్నొకటి తినేశాయి. మైనస్ గుర్తు అక్కడ అలారం మోగిస్తుంటే అతను బ్యాటరీ పీకేసి నిద్రపోయాడు. మైనస్ వచ్చినప్పుడు చేయాల్సిన పని గుర్తు తీసేయడం కాదు, బొమ్మలోకి తిరిగి వెళ్లి ఎక్కడ దాటుకున్నాయో చూడటం. ఒకసారి దాటుకోవడం సులువైన కేసు. దాటే బిందువులు రెండు మూడు ఉంటే, తినగా మిగిలింది ప్లస్‌గానే రావొచ్చు. అప్పుడు అలారం కూడా మోగదు.

అలారం అసలే మోగని లెక్క ఇంకోటి ఉంది. నా దృష్టిలో ఈ పాఠం మొత్తంలో ప్రమాదకరమైనది అదే. y = x, y = −x/2, x = 2. ఈ మూడు గీతల మధ్య త్రిభుజాన్ని x-అక్షం చుట్టూ తిప్పమంటారు. రెండు హద్దులున్నాయి, కాబట్టి వాషర్. R = x, r = x/2. π∫(x² − x²/4)dx, 0 నుంచి 2 వరకు, 2π. మైనస్ లేదు, లెక్క శుభ్రంగా ఉంది, జవాబు అందంగా ఉంది. తప్పు కూడా.

బొమ్మ చూడండి. త్రిభుజంలో కొంత భాగం అక్షానికి పైన, కొంత కింద. అక్షం ప్రాంతం లోపలినుంచే పోతోంది. పట్టీ అక్షాన్ని దాటి కిందికి దిగుతోంది. అలాంటప్పుడు చిల్లు ఎక్కడిది? తిప్పితే కిందిభాగం పైభాగం ఊడ్చిన చోటులోనే మళ్లీ తిరుగుతుంది. వచ్చేది నిండు శంకువు. వ్యాసార్ధం x, ఘనపరిమాణం π∫x²dx, అంటే 8π/3. వాషర్ వాడినవాడు లేని చిల్లును తవ్వి నాలుగో వంతు పోగొట్టుకున్నాడు. ‘రెండు వక్రాలుంటే వాషర్, ఒకటుంటే డిస్క్’ అనే ట్యూషన్ సెంటర్ల సులువు సూత్రం ఇక్కడ చేతులెత్తేస్తుంది. ఎన్ని వక్రాలు ఉన్నాయన్నది ముఖ్యం కాదు. అక్షానికీ ప్రాంతానికీ మధ్య ఖాళీ ఉందా లేదా అన్నది ముఖ్యం. ఖాళీ కళ్లకు కనిపించేది, సమీకరణం చదివితే దొరికేది కాదు. అన్నట్టు, ఇందాక చెప్పిన వైశాల్యం గుణించే హద్దుల లెక్క కూడా ఇక్కడ పనికిరాదు. ఒకే చోటును రెండుసార్లు లెక్కపెడుతుంది. ప్రాంతం అక్షానికి ఒక పక్కనే ఉన్నప్పుడే దాన్ని నమ్మాలి.

బొమ్మ వద్దనేవాళ్లు ఇక్కడ పట్టు మార్చి ‘‘ఈ కాలంలో త్రీడీ బొమ్మలు కంప్యూటరే గీస్తుంది, చేత్తో ఎందుకు?’’ అంటారు. ఈ మాట షేక్‌పేటలో అనడం మరీ విడ్డూరం. రామానాయుడు స్టూడియో ఉన్న కొండ చుట్టుపక్కల, జూబ్లీహిల్స్ సందుల్లో సినిమాలకు గ్రాఫిక్స్ చేసే ఆఫీసులున్నాయి. అక్కడి మోడలర్లు ఒక ఇత్తడి బిందెను తెర మీద ఎలా తయారుచేస్తారో ఓసారి చూడాలి. ముందు బిందె బొమ్మ వేయరు. బిందెలో ఒక పక్క అంచు గీతను మాత్రమే వేస్తారు: అడుగు, ఉబ్బిన పొట్ట, సన్నటి మెడ, బయటికి వంగిన అంచు. ఆ గీతను ఏ అక్షం చుట్టూ తిప్పాలో చెప్పి త్రీడీఎస్ మ్యాక్స్‌లో లేత్ అనో, మాయాలో రివాల్వ్ అనో, బ్లెండర్‌లో స్క్రూ అనో నొక్కుతారు. నిలువు అక్షానికి బదులు అడ్డం అక్షం పెడితే బిందె రావాల్సిన చోట చక్రంలాంటిదేదో ప్రత్యక్షమవుతుంది. గీత అక్షాన్ని దాటి అవతలికి పోతే తలాలు ఒకదాంట్లోకి ఒకటి దూరిపోయి మోడల్ పాడవుతుంది. బిందెకు రేకు మందం చూపించాలంటే లోపలి గీత, బయటి గీత రెండూ కావాలి. అక్షం ముందు, గీత ఒక పక్కే, మందానికి రెండు హద్దులు. మన లెక్క బొమ్మకు కావలసినవి కూడా ఇవే. సాఫ్ట్‌వేర్ తిప్పడం ఒక్కటే చేస్తుంది. దేన్ని, దేని చుట్టూ అన్నది మనిషి ముందే గీసి ఇవ్వాలి.

దీనివల్ల ఇంకో అపోహ కూడా పోవాలి. ‘‘నాకు త్రీడీ బొమ్మలు రావు సార్’’ అని పిల్లలు మొహమాటపడతారు. ఎవరడిగారు త్రీడీ? దీర్ఘవృత్తాలు వేసి, నీడలు దిద్ది, ఘనం మొత్తాన్ని కాగితం మీద నిలబెట్టాలని చూడటం నిజంగానే టైం వేస్ట్. ఆ మాట వరకు నేను అవతలి పక్షమే. పాఠ్యపుస్తకాల్లో అచ్చైన ఆ రంగుల ఘనాలు చూసి భయపడి అసలు బొమ్మే మానేసినవాళ్లు ఎందరో. కావలసింది చదునైన సగం బొమ్మ: అక్షం, ప్రాంతం, ఒక పట్టీ, రెండు బాణాలు. ఇంకా ఓపిక ఉంటే పట్టీకి అక్షం అవతల ఓ ప్రతిబింబం. అసలు పట్టీకీ ప్రతిబింబానికీ మధ్య జాగా మిగిలితే వాషర్, రెండూ అక్షం దగ్గర కలిస్తే డిస్క్, ఒకదాని మీద ఒకటి ఎక్కితే ఇందాకటి త్రిభుజం కేసు.

పట్టీ అక్షానికి లంబంగా ఉండాలన్న నియమం ఎందుకో చూడటానికి షేక్‌పేట నుంచి ఎక్కువ దూరం పోనక్కర్లేదు. కుతుబ్‌షాహీ సమాధుల గుమ్మటాలు చూడండి. చుట్టూ తామర రేకుల వరుస మీద లేచిన గుమ్మటం, మెడ దగ్గర సన్నగా ఉండి, కొంచెం పైకి వెళ్లాక ఉబ్బి, మళ్లీ మొనదేలుతుంది. దాని అక్షం నిలువు. అంచు గీతను y = f(x) అని రాయబోతే కుదరదు, ఉబ్బు దగ్గర ఒకే x కు రెండు ఎత్తులొస్తాయి. అడ్డంగా కోస్తే మాత్రం ప్రతి ఎత్తు దగ్గరా ఒకే వ్యాసార్ధం, గోడ మందాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటే రెండు. అంటే చలరాశి ఎత్తు, మందం dy. మన ఆకును y-అక్షం చుట్టూ తిప్పినప్పుడూ ఇదే. పట్టీ అడ్డంగా పడుకుంటుంది, వక్రాలను x = y, x = √y అని తిరగరాయాలి. కుడివైపున్న √y దూరపుది, y దగ్గరిది. π∫(y − y²)dy, π/6. బొమ్మ లేనివాడు ఇక్కడ కూడా x, x² నే పట్టుకుని వేలాడి 2π/15 రాసేస్తాడు. ఆకు y-అక్షం వైపునుంచి చూసినా ఒకేలా ఉంటుందని అతని నమ్మకం. ఉండదు.

ఇక ‘ఫార్ములా తెలిస్తే చాలు’ అన్న మూల సూత్రం. దీనికి జవాబు నాకన్నా ముందు చరిత్ర చెప్పింది. 499లో వచ్చిన ఆర్యభటీయం గణితపాదంలో గోళం ఘనపరిమాణానికి ఒక సూత్రం ఉంది. మధ్య వృత్త వైశాల్యాన్ని దాని వర్గమూలంతో గుణించమని. వ్యాసార్ధం 1 అనుకుంటే π√π, సుమారు 5.57. అసలు విలువ 4π/3, సుమారు 4.19. మూడో వంతు ఎక్కువ. π విలువను 3.1416 అని చెప్పగలిగిన మేధావి సూత్రం ఇది. సూత్రం అందంగానే ఉంది: వైశాల్యం నుంచి ఘనపరిమాణానికి వెళ్లడానికి చతురస్రం-ఘనం దారి. గోళాన్ని ముక్కలు కోసి చూడని దారి కూడా. సరైన సూత్రం 1150 నాటి భాస్కరాచార్యుడి లీలావతిలో కనిపిస్తుంది.

కాలిక్యులస్ రాకపోయినా ఈ సూత్రం తప్పని ఒక్క బొమ్మతో పట్టుకోవచ్చు. ఇది నాకు చాలా ఇష్టమైన బొమ్మ. వ్యాసార్ధం 1 ఉన్న వృత్తాన్ని గీసి, దాన్ని బయటినుంచి తాకుతూ క్రమ అష్టభుజి గీయండి. ఒక జత భుజాలు అడ్డంగా, ఒక జత నిలువుగా ఉండేలా. మధ్యలోంచి అడ్డంగా అక్షం వేసి మొత్తాన్ని తిప్పండి. అష్టభుజి వల్ల వచ్చేది మధ్యలో ఒక స్తూపం, రెండు పక్కలా ఒక్కో కొన తెగిన శంకువు. స్తూపం వ్యాసార్ధం 1, పొడవు సుమారు 0.83, ఘనపరిమాణం సుమారు 2.60. కొన తెగిన శంకువు వ్యాసార్ధం ఒక కొసన 1, ఇంకో కొసన 0.41, పొడవు 0.59, ఘనపరిమాణం ఒక్కోటి సుమారు 0.97. మొత్తం సుమారు 4.55. గోళం పూర్తిగా దీని లోపలే ఉంది. పెట్టె 4.55 అయితే లోపలి సరుకు 5.57 ఎలా అవుతుంది? స్తూపంలో పెట్టి చూస్తే ఈ తప్పు దొరకదని గమనించండి. గోళాన్ని చుట్టే స్తూపం 2π, అంటే 6.28. దాంట్లో 5.57 హాయిగా పట్టేస్తుంది. మూలలు కొంచెం చెక్కిన బొమ్మే తప్పును పట్టించింది. డిస్కుల దారి ఆ చెక్కుడును చివరిదాకా తీసుకెళ్లడమే. x దగ్గర బిళ్ల వ్యాసార్ధం √(1 − x²), π∫(1 − x²)dx, −1 నుంచి 1 వరకు, 4π/3.

ఆర్యభటుడికే ఫార్ములా మోసం చేసిందంటే మా పిల్లలకు చేయదా అని నేను అనబోవడం లేదు. మా పిల్లల ఫార్ములా సరైనదే. తప్పు ఫార్ములా అయినా, సరైన ఫార్ములాలో తప్పు R అయినా, కాగితం మీద రెండూ ఒకేలా నిబ్బరంగా కూర్చుంటాయి. అదే ఇబ్బంది.

అన్ని లెక్కలకూ బొమ్మ కావాలని కూడా నేను అనను. y = √x ను x-అక్షం చుట్టూ 0 నుంచి 4 వరకు తిప్పమంటే మధ్యలో ఖాళీ లేదు, దాటుకునేవి లేవు, అక్షం మారలేదు. π∫x dx, 8π. అక్కడ నేను కూడా పెన్ను కదపను. రెండో వక్రం వచ్చినప్పుడు, అక్షం x = 0, y = 0 కానప్పుడు, హద్దులు కలిసే బిందువులు కానప్పుడు మాత్రం గీయాలి. అప్పుడప్పుడు బొమ్మ గీశాక ఇంకో సంగతి కూడా తెలుస్తుంది: లంబంగా పట్టీ వేస్తే సమీకరణాన్ని తిరగరాయడం తలనొప్పిగా ఉందని. y = x − x³ లాంటి వక్రాన్ని y-అక్షం చుట్టూ తిప్పాలంటే x ను y లో రాయడం నరకం. అక్కడ వాషర్‌ను వదిలి, అక్షానికి సమాంతరంగా పట్టీ వేసి గొట్టాల పద్ధతికి పోవాలి. ఆ నిర్ణయం కూడా బొమ్మ మీద పట్టీని అటూ ఇటూ పెట్టి చూస్తేనే తేలుతుంది.

ఇంత చెప్పినా ఒప్పుకోనివాళ్లు మన ఆకునే ఇంకోసారి తీసుకుని, x = 3 అనే నిలువు గీత చుట్టూ తిప్పండి. ఒకరు బొమ్మ లేకుండా, ఒకరు బొమ్మతో. బొమ్మ గీసినవాళ్లకు ఆకు అక్షం నుంచి 2 కీ 3 కీ మధ్య దూరంలో ఉందని కనిపిస్తుంది, కాబట్టి జవాబు 2π/3 కీ π కీ మధ్య ఉండాలని ముందే తెలుస్తుంది. y-అక్షం చుట్టూ తిప్పినప్పుడు దగ్గరిదైన x = y ఇక్కడ దూరపుదవుతుంది: R = 3 − y, r = 3 − √y. వర్గాల తేడా 6√y − 7y + y². సమాకలనం చేస్తే 4 − 7/2 + 1/3. ఘనపరిమాణం 5π/6.